రెండు సమాంతర ప్లేట్ల మధ్య రేడియేషన్ షీల్డ్: వేడి ఎంత తగ్గుతుంది, షీల్డ్ ఎంత వేడెక్కుతుంది?

#1 శ్రీలత_మెక్

ఒక లెక్క దగ్గర ఇరుక్కుపోయాను. ఎక్కడ తప్పుతున్నానో చూసి చెప్పండి.

రెండు పెద్ద ప్లేట్లు ఎదురెదురుగా ఉన్నాయి, మధ్యలో శూన్యం. వేడి ప్లేటు 900 K, దాని ఎమిసివిటీ 0.8. చల్లని ప్లేటు 400 K, ఎమిసివిటీ 0.5. రెండూ ఆ ఉష్ణోగ్రతల దగ్గరే నిలకడగా ఉంటాయి. ఇప్పుడు వాటి మధ్య మెరుగుపెట్టిన పల్చని రేకు ఒకటి పెడతాం, దానికి రెండు వైపులా ఎమిసివిటీ 0.05. వేడి ఎంత తగ్గుతుంది, రేకు ఏ ఉష్ణోగ్రత దగ్గర నిలబడుతుంది అనేవి ప్రశ్నలు.

రేకు లేనప్పుడు నాకు చదరపు మీటరుకు 15,889 వాట్లు వచ్చింది. ఒక షీల్డ్ పెడితే సగమవుతుందని నోట్సులో ఉంది కాబట్టి 7,944 అనుకున్నాను. రేకు మధ్యలో ఉంది కదా అని దాని ఉష్ణోగ్రత 650 K వేశాను. సరిచూద్దామని 650 K పెట్టి రెండు వైపులా విడివిడిగా లెక్కిస్తే, రేకులోకి వచ్చేది 1,337, బయటికి పోయేది 413. ఈ రెండూ ఒకదానికొకటి సరిపోవు, 7,944కి దరిదాపుల్లో కూడా లేవు.

#2 కొలిమి

సగం అన్నది సరే. ఉష్ణోగ్రత దగ్గరే పప్పులో కాలేశారు. రేడియేషన్‌లో సగటు తీయాల్సింది ఉష్ణోగ్రతకి కాదు, దాని నాలుగో ఘాతానికి. 900 నాలుగో ఘాతం, 400 నాలుగో ఘాతం కలిపి, రెండుతో భాగించి, నాలుగో మూలం తీయండి. 764 K వస్తుంది. అదే జవాబు.

#3 నాలుగో_ఘాతం

కొలిమి గారూ, "సగం" కూడా సరి కాదండీ. రెండు ప్లేట్లు, రేకు రెండు ముఖాలు, నాలుగింటికీ ఎమిసివిటీ ఒకటే అయినప్పుడు వచ్చేది ఆ సగం. ఇక్కడ రెండు ప్లేట్లకీ పోలిక లేదు, రేకు మరీ వేరు.

శ్రీలత గారూ, మీరు సరిచూసిన పద్ధతి బాగుంది, అందులోనే జవాబు ఉంది. రేకుని ఎవరూ వేడి చేయడం లేదు, చల్లబరచడం లేదు. కాబట్టి నిలకడ వచ్చాక ఒక వైపు నుంచి ఎంత వస్తే రెండో వైపు అంతే పోవాలి. 650 K దగ్గర 1,337 వస్తూ 413 మాత్రమే పోతుంటే, మిగిలిన 924 వాట్లు రేకుని ఇంకా వేడెక్కిస్తూనే ఉన్నట్టు. అంటే అసలు జవాబు 650కి పైన ఎక్కడో ఉంది.

ఒక ఖాళీలో రెండు ఎదురు ముఖాల మధ్య వేడికి అడ్డు ఇదీ, ε అంటే ఎమిసివిటీ:

R = 1/εa + 1/εb − 1

మీకు రెండు ఖాళీలు ఉన్నాయి. వేడి ప్లేటుకీ రేకుకీ మధ్య 1.25 + 20 − 1 = 20.25. రేకుకీ చల్లని ప్లేటుకీ మధ్య 20 + 2 − 1 = 21. ఒకే వేడి ఈ రెండింటినీ వరసగా దాటుతుంది కాబట్టి కూడేయడమే: 41.25.

దాన్ని తోసే బలం σ(T1⁴ − T2⁴), σ అంటే స్టెఫాన్-బోల్ట్జ్‌మన్ స్థిరాంకం, T1, T2 రెండు ప్లేట్ల ఉష్ణోగ్రతలు. 900 Kకి σT⁴ విలువ 37,201, 400 Kకి 1,452, తేడా 35,749. దాన్ని 41.25తో భాగిస్తే చదరపు మీటరుకు 867 వాట్లు. రేకు లేనప్పుడు అడ్డు 2.25 మాత్రమే, అందుకే మీకు 15,889 వచ్చింది. సగం కాదు, పద్దెనిమిదో వంతుకి పడిపోయింది.

ఉష్ణోగ్రతకి వేడి వైపు నుంచి దిగండి. 37,201 నుంచి 867 × 20.25 తీసేస్తే (867ని పూర్తిగా 866.65గా ఉంచుకోండి) రేకు σT⁴ విలువ 19,651. σతో భాగించి నాలుగో మూలం తీస్తే 767 K. ఇప్పుడు చల్లని వైపు నుంచి ఎక్కండి: 1,452 + 866.65 × 21 కూడా 19,651. రెండు దారులూ ఒకే చోట కలవాలి. కలవకపోతే కూడికలోనో ఎమిసివిటీలోనో తప్పు ఉన్నట్టే.

#4 శ్రీలత_మెక్

ఇప్పుడు అర్థమైంది. ఒక్కటే సందేహం. రేకు ఒకటే కదా, దాని 1/ε = 20 అనేదాన్ని రెండు సార్లు ఎందుకు లెక్కలోకి తెచ్చారు? నేను ఒక్కసారే వేసి చూస్తే అడ్డు 22.25 దగ్గర ఆగిపోయింది.

#5 నాలుగో_ఘాతం

రేకు ఒకటే, ముఖాలు రెండు. వేడి వైపు ముఖం తన మీద పడిన దాంట్లో 5 శాతమే పీల్చుకుంటుంది, అది మొదటి 20. పీల్చుకున్నది రేకు మందాన్ని దాటి అవతలి ముఖానికి చేరుతుంది. ఆ ముఖం కూడా బయటికి వదలడంలో అంతే పిసినారి, అది రెండో 20. పీల్చుకోవడం దగ్గర ఒకసారి, వదలడం దగ్గర ఒకసారి అడ్డుపడుతోంది. షీల్డ్ బలంలో సగం ఈ రెండో సారిలోనే ఉంది. "అద్దంలా వెనక్కి కొడుతుంది" అని మాత్రమే అనుకునేవాళ్లు దీన్నే మర్చిపోతారు.

#6 పాతరేకు

రేడియేషన్ ఆపాలంటే పల్చని రేకు ఏం సరిపోతుందండీ? మందం పెంచాలి. సీసం పలక వేస్తే మేలు కదా. ఎన్ని మిల్లీమీటర్లు వాడుతున్నారో చెప్పనేలేదు.

#7 తర్కం

పాతరేకు గారూ, అది ఎక్స్‌రేలు, గామా కిరణాల సంగతి. ఇక్కడ వేడి వస్తువు వదిలే పరారుణ కిరణాల గురించి మాట్లాడుకుంటున్నాం. వాటికి 0.1 మిల్లీమీటరు అల్యూమినియం రేకు కూడా గోడే, ఒక్క కిరణం దూరి రాదు. పైగా సీసం 327 °C దగ్గరే కరిగిపోతుంది. ఈ లెక్కలో రేకు 767 K, అంటే 494 °C.

మందం ప్రశ్న మాత్రం ఊరికే పోకూడదు. 867 వాట్లు 0.1 మిల్లీమీటరు అల్యూమినియం గుండా పోవడానికి రెండు ముఖాల మధ్య ఉండాల్సిన తేడా డిగ్రీలో వెయ్యో వంతు కూడా కాదు. అందుకే రేకు మొత్తానికి ఒకే ఉష్ణోగ్రత అనుకుంటాం. మందం 2 మిల్లీమీటర్లు చేసినా నిలకడ లెక్క మారదు. మారేది అక్కడికి చేరే సమయం. 767 K దగ్గర్లో 0.1 మిల్లీమీటరు రేకుకి ఆ సమయం అర నిమిషం లెక్కలో ఉంటే, 2 మిల్లీమీటర్ల పలకకి పది నిమిషాల లెక్కలో ఉంటుంది. మందపాటి షీల్డ్ పెట్టి, పావుగంటకే రీడింగు తీసుకుని, లెక్క తప్పిందనుకునే ప్రమాదం ఉంది.

#8 పాతరేకు

ఓ, వేడి గురించా. సరే, నా సీసం వెనక్కి తీసుకుంటున్నాను.

#9 కొలిమి

"సగం" విషయంలో ఓడిపోయాను, ఒప్పుకుంటాను. కానీ ఉష్ణోగ్రత? నేను 764 అన్నాను, మీరు 767 అన్నారు. మూడు డిగ్రీల కోసం ఇంత హంగామా ఎందుకు? నాలుగో ఘాతం సగటు తీస్తే పని అయిపోతోంది కదా.

#10 నాలుగో_ఘాతం

ఈ లెక్కలో అయిపోయింది, ఎందుకంటే రేకు రెండు ముఖాలూ ఒకేలా ఉన్నాయి. 20.25, 21 దాదాపు సమానం కాబట్టి రేకు σT⁴ దాదాపు మధ్యలో పడింది. అది అదృష్టం, సూత్రం కాదు.

ఒక ముఖం మెరుగుగా 0.05, రెండో ముఖానికి నల్ల పూత వేసి 0.8 చేశామనుకోండి. ప్లేట్లు పాతవే. మెరిసే ముఖాన్ని ఎటు తిప్పి పెడతారు, వేడి వైపా, చల్లని వైపా? ఏ వైపు పెడితే వేడి తక్కువ దాటుతుంది? లెక్క వేయకుండా ముందు ఊహ చెప్పండి.

#11 కొలిమి

ఇందులో ఊహించేదేముంది? మెరిసేది వేడి వైపు. వచ్చేదాన్ని వచ్చినట్టే తిప్పికొడుతుంది. నల్ల ముఖం వేడి వైపు పెడితే మొత్తం పీల్చేసుకుంటుంది, షీల్డ్ పెట్టీ పెట్టనట్టే.

#12 తర్కం

నేను చల్లని వైపు అంటాను. పీల్చుకున్నా వదలకపోతే చాలు కదా.

#13 శ్రీలత_మెక్

నేను లెక్క వేసేశాను, ఆగలేకపోయాను. మెరిసేది వేడి వైపు ఉంటే అడ్డులు 20.25, 2.25, మొత్తం 22.5. మెరిసేది చల్లని వైపు ఉంటే 1.5, 21, మొత్తం మళ్లీ 22.5. దాటే వేడి రెండు సార్లూ 1,589 వాట్లే! ఎక్కడైనా తప్పు చేశానా?

#14 నాలుగో_ఘాతం

తప్పేం లేదు. మొత్తం అడ్డులో రేకు రెండు ముఖాలూ ఎలాగూ ఉంటాయి. కూడికలో వరస మారితే మొత్తం మారదు. మీ ముగ్గురిలో కొలిమి గారు పీల్చుకునే చోటే చూశారు, తర్కం గారు వదిలే చోటే చూశారు. రెండు వాదనలకీ బలం సమానం.

ఇప్పుడు ఉష్ణోగ్రత వేయండి, అసలు విషయం అక్కడుంది.

మెరిసే ముఖం వేడి వైపు ఉంటే, పెద్ద అడ్డు వేడి ప్లేటుకీ రేకుకీ మధ్య పడింది. 37,201 నుంచి 1,588.9 × 20.25 పోతే మిగిలేది 5,027. రేకు 546 K, అంటే 273 °C.

తిప్పి పెడితే పెద్ద అడ్డు రేకుకీ చల్లని ప్లేటుకీ మధ్య ఉంటుంది. వేడి ప్లేటు నుంచి రేకుదాకా అడ్డు 1.5 మాత్రమే కాబట్టి పోయేది 2,383, మిగిలేది 34,818. రేకు 885 K, అంటే 612 °C.

దాటే వేడిలో ఒక్క వాటు తేడా లేదు, రేకు ఉష్ణోగ్రతలో 339 డిగ్రీల తేడా. స్వచ్ఛమైన అల్యూమినియం 660 °C దగ్గర కరుగుతుంది. 612 దగ్గర దానికి బలమేమీ మిగలదు, తన బరువుకే జారి వేలాడుతుంది. ప్లేటు ఎక్కడైనా 900 కంటే కాస్త ఎక్కువ వేడిగా ఉంటే అక్కడ చిల్లు పడుతుంది. కాబట్టి మెరిసే ముఖం వేడి వైపు పెట్టాలన్న కొలిమి గారి మాట చివరికి నిజమే, ఆయన చెప్పిన కారణంతో కాదు. వేడిని తగ్గించడానికి కాదు, రేకుని బతికించుకోవడానికి.

నాలుగో ఘాతం సగటు ఈ రెండు సందర్భాల్లోనూ 764 అనే చెబుతుంది. ఒక చోట 218 డిగ్రీలు ఎక్కువ, ఇంకో చోట 121 తక్కువ.

#15 కొలిమి

సరే, ఇది కొత్త సంగతి. గెలిచానో ఓడానో తెలియడం లేదు.

#16 తర్కం

నాకింకొకటి. రేకుని సరిగ్గా మధ్యలో కాకుండా వేడి ప్లేటుకి దగ్గరగా జరిపితే? దగ్గరగా ఉంటే ఎక్కువ వేడెక్కాలి కదా.

#17 నాలుగో_ఘాతం

R = 1/εa + 1/εb − 1లో దూరం ఎక్కడుంది? పెద్ద ప్లేట్లు, శూన్యం అయితే జరిపినా ఏమీ మారదు. ఒక ముఖం వదిలిన ప్రతి కిరణం ఎదురు ముఖానికే చేరుతుంది, దగ్గరైనా దూరమైనా. దూరం లెక్కలోకి వచ్చేది రెండు సందర్భాల్లో: ప్లేటు పరిమాణంతో పోలిస్తే ఖాళీ పెద్దదై అంచుల నుంచి కిరణాలు బయటికి పోతున్నప్పుడు, లేదా మధ్యలో గాలి ఉన్నప్పుడు.

#18 సున్నా_కెల్విన్

గాలి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. నా దగ్గరున్న అమరిక దాదాపు ఇదే. ప్లేట్లు అర మీటరు చదరం, పైన 900 K ప్లేటు, కింద 400 K ప్లేటు, రెండింటి మధ్య 40 మిల్లీమీటర్లు, రేకు సరిగ్గా మధ్యలో. ఎమిసివిటీలు కూడా మీ లెక్కలోవే. కింది ప్లేటులో నూనె తిరుగుతుంది, నూనె ఎంత వేడెక్కిందో చూసి దాటిన వేడి లెక్కిస్తాను. రేకు లేనప్పుడు కొలత, లెక్క బాగానే కలిశాయి. రేకు పెట్టాక లెక్క 867 అంటోంది, కొలత 1,650 దగ్గర వస్తోంది. రేకు మీద థర్మోకపుల్ 760 K చూపిస్తోంది. శూన్యం లేదు, మామూలు గాలే. కానీ రేకు లేనప్పుడు లేని గాలి సమస్య రేకు పెట్టగానే ఎక్కడి నుంచి వచ్చింది?

#19 నాలుగో_ఘాతం

గాలి ముందూ ఉంది. కనబడలేదంతే.

వేడి ప్లేటు పైన ఉంది కాబట్టి గాలి సుడులు తిరగదు, నిశ్చలంగా ఉండి వాహకత ద్వారానే వేడిని మోస్తుంది. ఆ ఉష్ణోగ్రతల్లో గాలి వాహకత సగటున 0.05 W/m·K. 500 డిగ్రీల తేడా, 40 మిల్లీమీటర్లు: చదరపు మీటరుకు 625 వాట్లు. రేకు లేనప్పుడు రేడియేషన్ 15,889, దాని పక్కన 625 నాలుగు శాతం. మీ కొలత పొరపాటులోనే కలిసిపోతుంది. రేకు పెట్టాక రేడియేషన్ 867కి దిగింది, గాలి మాత్రం తగ్గలేదు. రేకు గాలికి అడ్డు కాదు, రెండు 20 మిల్లీమీటర్ల పొరలు కలిస్తే మళ్లీ 40 మిల్లీమీటర్లే.

రెండూ కలిపి సరిగ్గా చేయాలంటే రేకు దగ్గర లెక్క ఇలా రాయాలి: వేడి వైపు రేడియేషన్ + గాలి = చల్లని వైపు రేడియేషన్ + గాలి. ఇది ఒక్క అడుగులో తేలదు, రేకు ఉష్ణోగ్రత T3 ఊహించి సరిచేసుకుంటూ పోవాలి. వేడి వైపు గాలికి వాహకత 0.058, చల్లని వైపు 0.045 తీసుకున్నాను. T3 = 740 పెడితే లోపలికి 1,461, బయటికి 1,505, రేకు చల్లబడాలి. 735 పెడితే 1,498, 1,473, ఇప్పుడు వేడెక్కాలి. 737 దగ్గర రెండు వైపులా సుమారు 1,485 వస్తుంది.

అంటే మీ అమరికకి 867 కాదు, 1,485 సరైన లెక్క. రేకు కూడా 767 నుంచి 737కి దిగింది, ఎందుకంటే చల్లని వైపు 337 డిగ్రీల తేడా మీద గాలి ఎక్కువ లాగేస్తోంది, వేడి వైపు 163 డిగ్రీల మీద తక్కువ ఇస్తోంది.

#20 సున్నా_కెల్విన్

1,485కి, 1,650కి ఇంకా 165 తేడా ఉంది. థర్మోకపుల్ కూడా 737 కాదు, 760 చూపిస్తోంది.

#21 తర్కం

రేకుని, ప్లేట్లని ఏం పట్టుకుని ఉన్నాయి?

#22 సున్నా_కెల్విన్

నాలుగు మూలల్లో నాలుగు స్టెయిన్‌లెస్ బోల్టులు, 6 మిల్లీమీటర్ల వ్యాసం. పై ప్లేటు నుంచి కింది ప్లేటుదాకా ఉంటాయి. రేకుకి పెద్ద రంధ్రాలు పెట్టి, సిరామిక్ వాషర్ల మీద ఆనించాను.

#23 తర్కం

అయితే వాటినీ లెక్కించాలి. ఒక్కో బోల్టు అడ్డుకోత 28 చదరపు మిల్లీమీటర్లు, పొడవు 40. స్టెయిన్‌లెస్‌కి ఆ వేడి దగ్గర వాహకత సుమారు 20. ఒక్కోటి 7 వాట్లు, నాలుగూ 28 వాట్లు. మీ ప్లేటు పావు చదరపు మీటరు కాబట్టి చదరపు మీటరుకు 113 వాట్లు అయినట్టు. 1,485తో కలిపితే 1,598. మిగిలింది 52.

#24 నాలుగో_ఘాతం

బోల్టులు నాకు తట్టలేదు, బాగా అడిగారు. ఆ మిగిలిన 52ని నేను వెంటాడను. రేకు ఎమిసివిటీ 0.05 బదులు 0.055 అయితే చాలు, అంతకన్నా ఎక్కువే వచ్చేస్తుంది. పుస్తకంలో ఉన్న 0.05ని మీ రేకు ఆ ఉష్ణోగ్రత దగ్గర పాటిస్తుందన్న హామీ ఏమీ లేదు. లోహాల ఎమిసివిటీ వేడితో పెరుగుతుంది, పట్టికల్లో చాలా విలువలు గది ఉష్ణోగ్రతవి. అంచుల నుంచి కొంత, కొలతలో కొంత. వీటిలో ఏది ఎంత అన్నది ఈ ఒక్క కొలతతో విడదీయలేం.

థర్మోకపుల్ మాత్రం వేరే కథ. దాని కొన ఏ వైపు ఉంది?

#25 సున్నా_కెల్విన్

పై వైపు, వేడి ప్లేటుకి ఎదురుగా. సిరామిక్ సిమెంటుతో అంటించాను.

#26 నాలుగో_ఘాతం

అదే కారణం కావచ్చు. చుట్టూ 0.05 ఉన్న రేకు మీద సిమెంటు బొట్టు ఒక నల్ల మచ్చ లాంటిది. దాని ఎమిసివిటీ రేకు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, అది 900 K ప్లేటుని నేరుగా చూస్తోంది. ఆ మచ్చ ఉన్న చోట రేకు నిజంగానే మిగతా చోట్ల కంటే వేడిగా ఉంటుంది. థర్మోకపుల్ అబద్ధం చెప్పడం లేదు, తాను పాడుచేసిన చోటి ఉష్ణోగ్రత చెబుతోంది.

కొనని కింది ముఖానికి, సిమెంటు లేకుండా, స్పాట్ వెల్డు చేయండి. అల్యూమినియం రేకు అయితే వెల్డు కుదరకపోవచ్చు, అప్పుడు అదే రేకు చిన్న ముక్కని మడిచి కొన మీద నొక్కి కప్పండి. తీగని రేకుని అంటిపెట్టుకుని కొన్ని సెంటీమీటర్లు నడిపించి, తర్వాతే బయటికి తీయండి. నేరుగా చల్లని వైపు లాగితే ఈసారి తక్కువ చూపిస్తుంది.

#27 కొలిమి

తీగ సన్నదైతే చాలదా? 0.2 మిల్లీమీటరు తీగ ఎంత వేడి లాగగలదు?

#28 తర్కం

అక్కడ రేకు పల్చన, దానికి అందే వేడి తక్కువ. షీల్డ్ ఎంత బాగా పనిచేస్తే థర్మోకపుల్ అంత ఎక్కువ భంగం కలిగిస్తుంది. సన్న తీగ తప్పనిసరే, కానీ దారి సరిగ్గా లేకపోతే సన్నదనం ఒక్కటే కాపాడదని నా అభిప్రాయం.

#29 కొలిమి

నేను ఒప్పుకోను, కానీ లెక్క చూపించలేను కాబట్టి ఆగుతాను.

#30 శ్రీలత_మెక్

రేకు మురికి పట్టినా, మాడినా ఉష్ణోగ్రత చూసి తెలుసుకోవచ్చా? థర్మోకపుల్ ఒకటి పెట్టి వదిలేస్తే, రీడింగు పెరిగినప్పుడు రేకు మార్చొచ్చు కదా.

#31 నాలుగో_ఘాతం

సగం సందర్భాల్లోనే తెలుస్తుంది, తెలియని సగమే ప్రమాదం.

మీ మొదటి శూన్యం లెక్కలో రెండు ముఖాలూ సమానంగా మసకబారి 0.05 నుంచి 0.1 అయ్యాయనుకోండి. అడ్డులు 10.25, 11. దాటే వేడి 867 నుంచి 1,682, దాదాపు రెట్టింపు. రేకు ఉష్ణోగ్రత? 770 K. మూడు డిగ్రీలు కదిలింది. థర్మోకపుల్‌ని నమ్ముకుంటే అంతా బాగానే ఉందనుకుంటారు, షీల్డ్ మాత్రం సగం పనితనం పోగొట్టుకుంది.

వేడి వైపు ముఖం ఒక్కటే మసకబారి 0.2 అయి, చల్లని వైపు 0.05గానే ఉందనుకోండి. అడ్డులు 5.25, 21. దాటే వేడి 1,362, రేకు 853 K. ఇక్కడ 86 డిగ్రీల మార్పు, ఎవరికైనా కనబడుతుంది.

రేకు ఉష్ణోగ్రత చెప్పేది రెండు ముఖాల మధ్య నిష్పత్తిని. మొత్తం అడ్డు ఎంతో అది చెప్పదు. ఉష్ణోగ్రత పైకి పోతే వేడి వైపు ముఖం పాడైనట్టు, కిందికి పోతే చల్లని వైపు ముఖం పాడైనట్టు. కదలకుండా చల్లని ప్లేటుకి చేరే వేడి పెరిగితే రెండూ కలిసి పాడైనట్టు. వేడి కొలవకుండా ఉష్ణోగ్రత ఒక్కటే కొలిస్తే మూడోది ఎప్పటికీ పట్టుబడదు.

#32 తర్కం

సంఖ్యలు మార్చి చూసుకోవాలనుకునేవాళ్లకి శూన్యం లెక్క ఇదిగో. e3aని వేడి వైపు ముఖంగా, e3bని చల్లని వైపు ముఖంగా తీసుకున్నాను.

```python
s = 5.67e-8
T1, T2 = 900.0, 400.0
e1, e3a, e3b, e2 = 0.8, 0.05, 0.05, 0.5

def R(a, b):
    return 1/a + 1/b - 1

Ra, Rb = R(e1, e3a), R(e3b, e2)
q = s*(T1**4 - T2**4)/(Ra + Rb)
T3 = (T1**4 - q*Ra/s)**0.25
print(q, T3)
```

ఉష్ణోగ్రతలు కెల్విన్‌లోనే ఇవ్వండి. 627, 127 అని సెల్సియస్‌లో ఇచ్చినా ప్రోగ్రాం ఏమీ అనకుండా ఒక సంఖ్య ఇచ్చేస్తుంది. వేడి అసలు విలువలో నాలుగో వంతు దగ్గర వస్తుంది, చూడ్డానికి నమ్మేలానే ఉంటుంది.

#33 సున్నా_కెల్విన్

థర్మోకపుల్ కింది వైపుకి మారుస్తాను. ఇంకో ప్రశ్న: ఇలాంటిదే రెండో రేకు పెడితే వేడి మళ్లీ సగం అవుతుందా?

#34 శ్రీలత_మెక్

దీన్ని నేను ప్రయత్నిస్తాను. రెండు రేకుల మధ్య ఖాళీకి 20 + 20 − 1 = 39. మొత్తం 20.25 + 39 + 21 = 80.25. శూన్యంలో 445 వాట్లు. దాదాపు సగం అయింది. రేకులు 840 K, 661 K దగ్గర వస్తున్నాయి. సరేనా?

#35 నాలుగో_ఘాతం

శూన్యానికి అన్నీ సరే. కానీ ఆయన దగ్గరున్నది గాలి. అదే 40 మిల్లీమీటర్లలో రెండు రేకులు పెడితే గాలి వాటా 625 దగ్గరే ఉంటుంది. ఉజ్జాయింపుగా కూడితే 1,070, బోల్టుల 113 వేరే. 1,485 నుంచి 1,070కి, అంటే పావు వంతుకి కాస్త ఎక్కువ తగ్గింది, సగం కాదు. మూడోది పెడితే ఇంకా తక్కువ లాభం. ఆయన స్థానంలో ఉంటే రెండో రేకు కంటే ముందు ఖాళీని 40 నుంచి 60 మిల్లీమీటర్లకి పెంచి చూస్తాను, గాలి వాటా మూడో వంతు తగ్గుతుంది. బోల్టులు కూడా పొడవై తక్కువ మోస్తాయి.

#36 తర్కం

ఖాళీ పెంచితే అంచుల నుంచి పోయేది పెరుగుతుంది. అర మీటరు ప్లేటుకి 60 మిల్లీమీటర్లు తక్కువేం కాదు. పక్కలు మూసి ఉన్నాయా, తెరిచి ఉన్నాయా?

#37 సున్నా_కెల్విన్

తెరిచే ఉన్నాయి. మూయాలంటే ఆ పక్క గోడ కూడా పై నుంచి కిందికి వేడి మోస్తుంది కదా.

#38 నాలుగో_ఘాతం

మోస్తుంది. సన్నని స్టెయిన్‌లెస్ రేకు అయితే ఎంత మోస్తుందో చుట్టుకొలత రెండు మీటర్లకి లెక్క వేసి, ఇప్పుడు అంచుల నుంచి పోయేదానితో పోల్చాలి. ముందు థర్మోకపుల్ మార్చి, ఏమీ కదపకుండా మళ్లీ ఒకసారి 1,650, 760 రెండూ కొలవండి. ఖాళీ సంగతి ఆ తర్వాత చూద్దాం.